యజమాని రెండు నెలలు మంచాన పడితే: ఎంత నిధి కావాలి, అది ఎవరి చేతికి అందాలి?

ప్రశ్న: "నలుగురు పనివాళ్లతో చిన్న వ్యాపారం నడుపుతున్నాను. ఆర్డర్లు, ధరలు, బ్యాంకు పనులు అన్నీ నేనే చూసుకుంటాను. నాకు జబ్బు చేసి రెండు నెలలు మంచాన పడితే వ్యాపారం మూతపడకుండా ఉండడానికి ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలి? ఆరు నెలల ఖర్చు ఉండాలని అందరూ అంటున్నారు, అంత నా వల్ల కాదు. ఎవరికి ఏం అప్పగించాలో కూడా తెలియడం లేదు."

నెల ఖర్చును ఆరుతో హెచ్చవేయడం మానండి. మీరు లేని రెండు నెలలకూ, తిరిగి వచ్చాక వ్యాపారం కోలుకునే మరో మూడు నెలలకూ నెలవారీగా ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక పట్టిక వేయండి. ప్రతి నెల లోటునూ ముందు నెలల లోటుకు కలుపుకుంటూ వెళితే ఏదో ఒక నెలలో ఆ మొత్తం గరిష్ఠానికి చేరుతుంది. ఆ అంకెకు నాలుగో వంతు అదనంగా కలపండి, అదే మీకు కావలసిన నిధి. మా విషయంలో అది ఒక నెల అమ్మకాల కన్నా తక్కువే తేలింది.

రెండో ప్రశ్నకు కూడా ముందే జవాబు చెబుతాను. అప్పగించవలసినవి ముఖ్యంగా రెండు: ధర చెప్పే అధికారం, డబ్బు చెల్లించే అధికారం. ఈ రెండూ వేర్వేరు మనుషుల చేతుల్లో, ఒక్కొక్కటి ఒక హద్దుతో ఉండాలి. మొదటిది సరిగా అప్పగిస్తే మీకు కావలసిన నిధే సగానికి పైగా తగ్గుతుంది. అది ఎలాగో కింద లెక్కతో చూపిస్తాను.

నాది చిన్న ముద్రణాలయం. ఒక ఆఫ్‌సెట్ యంత్రం, దాన్ని నడిపే ఫోర్‌మన్, అతనికి ఒక సహాయకుడు, బైండింగ్ చేసే ఇద్దరు. కొన్నేళ్ల క్రితం మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స తరువాత రెండు నెలల పాటు ప్రెస్సు గడప తొక్కలేకపోయాను, మూడో నెలంతా సగం పూట మాత్రమే కూర్చోగలిగాను. అప్పటికి నా దగ్గర అత్యవసర నిధి ఉంది. ఇంటి ఖర్చు, ప్రెస్సు స్థిర ఖర్చు కలిపి సుమారు ఒక నెలకు సరిపడా డబ్బు విడిగా పెట్టుకున్నాను, అది చాలనే ధైర్యంతోనే ఉన్నాను. కానీ ఆ నిధి రెండు విధాలుగా నన్ను ఇబ్బంది పెట్టింది. అవసరమైన మొదటి వారంలో చేతికి అందలేదు, అందిన తరువాత నాలుగో నెలలో అయిపోయింది.

ముందు లెక్క చూద్దాం. మా పుస్తకాల్లోని అంకెలను, ఒక నెల సగటు అమ్మకాలు 100 అనుకుని కుదించి రాస్తున్నాను. మీరు మీ అంకెలను ఇదే పద్ధతిలో పెట్టుకోవచ్చు. మామూలు నెలలో ఆ 100లో 45 కాగితం, సిరా, ప్లేట్లకు పోతుంది. జీతాలు 18, అద్దె 6, కనీస విద్యుత్తు, నిర్వహణ 4, యంత్రం అప్పు వాయిదా 7, చిల్లర ఖర్చులు 2, మొత్తం 37 స్థిర ఖర్చు. మా ఇంటికి 12 తీసుకుంటాను. మిగిలేది 6. మా ఖాతాదారులు సాధారణంగా పని అందుకున్న మరుసటి నెలలో డబ్బు ఇస్తారు, మేము మాత్రం కాగితం కొన్న నెలలోనే చెల్లిస్తాము.

నేను లేని మొదటి నెలలో చేతిలో ఉన్న ఆర్డర్లు పూర్తి చేసి అందించగలిగారు కాబట్టి అమ్మకాలు 70 అయ్యాయి. రెండో నెలలో కొత్త ఆర్డర్లు దాదాపు ఆగిపోయి 50కి పడ్డాయి. నేను సగం పూట వచ్చిన మూడో నెలలో 65, నాలుగో నెలలో 85, ఐదో నెలకు మళ్లీ 100. నా బదులు పని చూడడానికి అనుభవమున్న ఒక వ్యక్తిని తాత్కాలికంగా పెట్టుకోవలసి వచ్చింది, అతనికి మొదటి రెండు నెలలు 8 చొప్పున, మూడో నెల 4 ఇచ్చాము. కింది పట్టికలో "పోయింది" అంటే ఆ నెల అమ్మకాల్లో వందకు 45 చొప్పున కాగితం, సిరా, ప్లేట్ల ఖర్చు, స్థిర ఖర్చు 37, ఇంటి ఖర్చు 12, తాత్కాలిక వ్యక్తికి ఇచ్చింది, అన్నీ కలిపి దగ్గరి అంకెకు సవరించినది. వైద్య ఖర్చులు ఈ లెక్కలో లేవు, వాటి సంగతి తరువాత చెబుతాను.

| నెల | వచ్చింది | పోయింది | ఆ నెల తేడా | అప్పటి వరకు మొత్తం |
|---|---|---|---|---|
| 1 | 80 | 89 | −9 | −9 |
| 2 | 75 | 80 | −5 | −14 |
| 3 | 65 | 82 | −17 | −31 |
| 4 | 65 | 87 | −22 | −53 |
| 5 | 85 | 94 | −9 | −62 |
| 6 | 100 | 94 | +6 | −56 |

మొదటి నెలలో 100 రావలసిన చోట 80 రావడానికి కారణం బకాయిల కోసం ఎవరూ ఫోన్ చేయకపోవడం. ఆగిన ఆ 20 రెండో నెలలో వచ్చింది, రెండో నెలలో రావలసిన దానిలో 15 మూడో నెలకు జరిగింది.

ఈ పట్టికలో నేను మిమ్మల్ని చూడమనేది మూడో, నాలుగో వరుసలు. నేను మంచం మీద ఉన్న రెండు నెలల్లో కలిపి పోయింది 14 మాత్రమే. నేను లేచి తిరిగి వచ్చిన తరువాతి మూడు నెలల్లో పోయింది 48. కారణం తేలికగానే అర్థమవుతుంది. మనం పడిపోయిన మొదటి రోజుల్లో ఖాతాలో పడే డబ్బు అంతకు ముందు నెల మనం చేసిన పనిది. మనం లేని నెలల్లో జరగని పని తాలూకు లోటు మాత్రం ఒక నెల ఆలస్యంగా బయటపడుతుంది. పైగా కోలుకునే నెలల్లో కాగితం పెరుగుతున్న పనికి తగినట్లు ఎక్కువగా కొనాలి, వచ్చే డబ్బు మాత్రం తక్కువ పని జరిగిన ముందు నెలది. అందువల్ల రెండో నెల చివర "పరవాలేదు, గట్టెక్కాము" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, ఆ ధీమాతో నిధిలోంచి కొంత తీసి పాత రోలర్లు మార్పిద్దామని కూడా ఆలోచించాను. ఫోర్‌మన్ ఆపబట్టి ఆగాను. నా నిధి 50. నాలుగో నెల చివరికి మొత్తం లోటు 53 అయింది, ఐదో నెలలో మరో 9 కావలసి వచ్చింది, అంటే 12 అప్పు చేయవలసి వచ్చింది. ఆరోగ్యం బాగుపడి రోజంతా పనిచేస్తున్న నెలలో అప్పు అడగడం ఇచ్చేవారికి కూడా వింతగానే తోచింది.

పై లెక్క ప్రకారం 62కు నాలుగో వంతు కలిపితే సుమారు 78. ఆ నాలుగో వంతు ఎందుకంటే, పెద్ద ఖాతాదారు ఒకరు ఆ సమయంలోనే చెల్లింపు ఒక నెల ఆపినా, యంత్రం మరమ్మతుకు వచ్చినా తట్టుకోవడానికి. ఆరు నెలల ఖర్చు సూత్రం పాటిస్తే నేను స్థిర ఖర్చు, ఇంటి ఖర్చు కలిపిన 49ని ఆరుతో హెచ్చించి 294 పోగు చేయాలి. నెలకు 6 మిగిలే వ్యాపారంలో అది నాలుగేళ్లకు పైగా పడుతుంది, ఈలోగా నిరాశపడి వదిలేస్తాము. అయితే మీ వ్యాపారంలో ఆదాయమంతా మీ ఒక్కరి చేతి పనితోనే వస్తుంటే, అంటే మీరు లేని రోజు అమ్మకం సున్నా అయితే, పట్టికలో రెండు నెలల వరుసల్లో అమ్మకాలు సున్నా రాసి చూడండి. అప్పుడు అంకె చాలా పెద్దదవుతుంది, దాన్ని దాచకుండా ఒప్పుకోవలసిందే.

ఇప్పుడు ధర చెప్పే అధికారం గురించి. మా వసూళ్లు ఆలస్యమైనందుకే లోటు పెరిగిందని చాలాకాలం నేనే పొరబడ్డాను. లెక్క మళ్లీ వేసి చూస్తే ఆలస్యమైన డబ్బంతా మూడో నెలకల్లా వచ్చేసింది, ఐదో నెల నాటి 62 మీద దాని ప్రభావమేమీ లేదు. ఆ గొయ్యి తవ్వింది ఆగిపోయిన కొత్త ఆర్డర్లు. అవి ఆగడానికి కారణం యంత్రం నడిపేవారు లేక కాదు, అడిగిన వారికి ధర చెప్పేవారు లేక.

శస్త్రచికిత్స అయిన రెండో వారంలో ఫోర్‌మన్ ఆసుపత్రికి వచ్చాడు. పాడైన షీటు ఒకటి నాలుగు మడతలు పెట్టి, దాని వెనుక వైపు పెన్సిలుతో తొమ్మిది పనుల పేర్లు రాసుకొచ్చాడు. "సార్, వీళ్లంతా రేటు అడిగి వెళ్లారు. మీతో మాట్లాడి చెబుతానన్నాను. ఈ మూడో ఆయన పాత రేటుకే వేయమంటున్నాడు, ఏం చెప్పమంటారు?" అన్నాడు. ఆ తొమ్మిదిలో ఆరు మేము అంతకు ముందు వేసినవే. రెండేళ్లుగా అదే పుస్తకాన్ని అచ్చు వేస్తున్న ఫోర్‌మన్‌కు ఎన్ని షీట్లు పడతాయో, ఎన్ని ప్లేట్లు కావాలో నాకన్నా బాగా తెలుసు. తెలియనిదల్లా నేను ఆ ఖర్చు మీద ఎంత వేసుకుంటానన్నది. అది ఎక్కడా రాసి లేదు, నా తలలోనే ఉంది. నేను మత్తు మందుల ప్రభావంలో ఆ రోజు రెండింటికి చెప్పగలిగాను, మిగిలిన ఏడింటిలో నాలుగు వేరే ప్రెస్సులకు వెళ్లిపోయాయి.

తరువాత మేము రాసుకున్న ఏర్పాటు ఇది. పనులను మూడు రకాలుగా విడదీశాము. మొదటి రకం, తిరిగి వచ్చిన పాత పని: చివరిసారి బిల్లు ధర తీసుకుని, అప్పటికీ ఇప్పటికీ కాగితం ధరలో వచ్చిన తేడా కలిపి ఫోర్‌మనే చెప్పవచ్చు, నన్ను అడగనక్కరలేదు. రెండో రకం, కొత్త పనే అయినా మాకు అలవాటైన తీరుది: కాగితం, ప్లేట్లు, ముద్రణ, బైండింగ్ విడివిడిగా ధరలు రాసిన ఒక పేజీ పట్టిక ఉంటుంది, దానితో లెక్క కట్టి, తరుగు కోసం ఎన్ని షీట్లు అదనంగా వేసుకోవాలో కూడా అందులోనే చూసి చెబుతాడు. కింద ఒక కనీస ధర ఉంటుంది, ఎంత బతిమాలినా అంతకన్నా తగ్గడానికి వీల్లేదు. ఈ రకం పని ఒక్కటి మా నెల అమ్మకాల్లో పదో వంతును మించితే అతను ఒక్కడే ఒప్పుకోకూడదు. మూడో రకం, మాకు అలవాటు లేనిది లేదా మరీ పెద్దది: మర్యాదగా గడువు అడగాలి, గడువు కుదరదంటే మాకు ఒప్పందమున్న మరో ప్రెస్సుకు పంపాలి.

ఆ మరో ప్రెస్సు ఒప్పందం గురించి ఒక మాట. అది నోటిమాటగా ఉంటే ఖాతాదారు అటే ఉండిపోతాడు. మేము ఒక కాగితం మీద రాసుకున్నాము: అనారోగ్య కాలంలో పంపిన పనికి బిల్లు మా పేరు మీదే వెళుతుంది, వారు మాకు నిర్ణయించిన ధరకు పని చేసి ఇస్తారు, ఆ ఖాతాదారుతో నేరుగా మాట్లాడరు, వారికి అవసరమైనప్పుడు మేమూ అదే చేస్తాము. ఇందులో లాభం దాదాపు ఉండదు, ఖాతాదారు మాత్రం నిలుస్తాడు.

ఇలా ధర చెప్పే దారి తెరిచి ఉంచితే పట్టిక ఎలా మారుతుందో వేసి చూశాను. అమ్మకాలు వరుసగా 85, 75, 85, 95, 100 అవుతాయని, బకాయిలు కూడా వేళకు వసూలవుతాయని అనుకుంటే, నెలవారీ తేడాలు +5, −6, −16, −7, +1 అవుతాయి. మొత్తం లోటు నాలుగో నెలలో 24 దగ్గర ఆగిపోతుంది. తాత్కాలిక వ్యక్తికి ఇచ్చే 20 కూడా ఇందులో కలిసే ఉంది. అంటే ఒక పేజీ ధరల పట్టిక, ఒక పేజీ నియమాలు కలిసి 38 విలువైన నిధి పని చేశాయి. మీ వ్యాపారం ప్రెస్సు కాకపోవచ్చు, కానీ మీరు లేకపోతే ఏ ఒక్క నిర్ణయం దగ్గర కొత్త పని ఆగిపోతుందో వెతకండి. కొందరికి అది ధర, కొందరికి నాణ్యత చూసి "సరే" అనడం, మరికొందరికి సరుకు ఎంపిక.

ఇక డబ్బు చేతికి అందే సంగతి. నేను పడిపోయిన నాలుగో రోజు జీతాల రోజు. నిధి బ్యాంకులో భద్రంగా ఉంది. ఖాతా నా ఒక్కడి పేరు మీద, ఆన్‌లైన్ చెల్లింపుకు వచ్చే ఓటీపీ నా ఫోనుకు. ఆ ఫోను ఆసుపత్రివారు నా వాచీ, కళ్లద్దాలతో కలిపి ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో ఛార్జింగ్ అయిపోయి ఉంది. నా భార్య దాన్ని ఛార్జ్ చేసింది గానీ తాళం తీసే అంకెలు ఆమెకు తెలియవు. నేను స్థిమితంగా మాట్లాడగలిగే సరికి ఆరో రోజు. ఈలోగా ఫోర్‌మన్ గల్లాపెట్టెలో ఉన్న డబ్బు తీసి జీతాల్లో సగం సర్దాడు. అది ఒక ఖాతాదారు పెళ్లి పత్రికలకు ఇచ్చిన అడ్వాన్సు, ఆ డబ్బుతో కాగితం కొనాలి. ఆ పని పది రోజులు ఆలస్యమైంది, ఆయన మళ్లీ మా దగ్గరకు రాలేదు.

ఇందులో జనం సాధారణంగా పొరబడే విషయాలు మూడు ఉన్నాయి. నామినీ పేరు రాసినంత మాత్రాన ఆ వ్యక్తి మీరు బతికి ఉండగా ఖాతా నడపలేరు. నామినీ అన్నది మీ మరణానంతరం డబ్బు అందుకునే ఏర్పాటు, మీరు ఐసీయూలో ఉన్నప్పుడు దానితో ఏ ఉపయోగమూ లేదు. రెండోది పవర్ ఆఫ్ అటార్నీ. చాలా దేశాల చట్టాల్లో మామూలు పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషి తన నిర్ణయాలు తాను తీసుకునే మానసిక శక్తి కోల్పోగానే చెల్లకుండా పోతుంది. అంటే అత్యవసరమైన వేళకే చేతిలోని కాగితం పనికిరాదు. కొన్ని చోట్ల అలాంటి స్థితిలోనూ కొనసాగే ప్రత్యేక పత్రం రాయించుకునే వీలుంది, మీ ప్రాంతంలో ఏది చెల్లుతుందో న్యాయవాదిని ఈ ఒక్క ప్రశ్నతోనే అడగండి. మూడోది, మీ పాస్‌వర్డు ఇంకొకరికి ఇచ్చేయడం. ఏదైనా తేడా వస్తే ఆ చెల్లింపు మీరే చేసినట్లు లెక్క, బ్యాంకు కూడా బాధ్యత తీసుకోదు.

మేము చేసింది ఇలా ఉంది. నిధిని రెండు భాగాలు చేశాము. ఒక నెల స్థిర ఖర్చుకు సరిపడే భాగం వేరే ఖాతాలో ఉంది. ఆ ఖాతాను నాతో పాటు నా భార్య కూడా తన సొంత లాగిన్, తన సొంత ఫోను నంబరుతో ఒంటరిగా నడపగలదు. మిగిలిన భాగం డిపాజిట్‌లో ఉంది. దాన్ని కాలం తీరకముందే రద్దు చేయాలంటే ఎవరెవరి సంతకాలు కావాలో ముందే అడిగి తెలుసుకున్నాము, ఎందుకంటే ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చని రాసి ఉన్న డిపాజిట్లకు కూడా ముందస్తు రద్దుకు ఇద్దరి సంతకాలూ అడిగే బ్యాంకులున్నాయి. ప్రెస్సు రోజువారీ ఖాతాలో ఫోర్‌మన్ చెల్లింపు తయారు చేస్తాడు, నా భార్య ఆమోదిస్తుంది. ధర చెప్పే మనిషి డబ్బు పంపలేడు, డబ్బు పంపే మనిషి ధర నిర్ణయించదు. ఇది అనుమానంతో చేసినది కాదని ఫోర్‌మన్‌కు నేనే చెప్పాను. రేపు ఏదైనా లెక్క తేడా వస్తే అతని మీద మాట రాకుండా ఉండేందుకు కూడా ఈ ఏర్పాటే రక్ష.

ప్రెస్సు పనులకు వాడే ఫోను నంబరు ఇప్పుడు నా జేబులో ఉండదు, ప్రెస్సులోని బల్ల సొరుగులో ఒక మామూలు ఫోనులో ఉంటుంది. ఈమెయిలు, పన్ను చెల్లింపుల లాగిన్, డిజైన్ ఫైళ్లున్న చోటు, అన్నింటికీ కోడ్‌లు ఆ నంబరుకే వస్తాయి. బ్యాంకు కోడ్ మాత్రం ఎవరిది వారికే.

నిధిగా లెక్కించకూడని డబ్బు కూడా చెప్పాలి. ఖాతాదారుల అడ్వాన్సులు, ప్రభుత్వానికి కట్టవలసిన పన్ను, పనివాళ్ల పేరు మీద కట్టడానికి పట్టి ఉంచినవి మీ ఖాతాలో కనబడుతున్నా మీవి కావు. ఓవర్‌డ్రాఫ్ట్‌ను కూడా నిధిగా చూడకండి. దాన్ని పునరుద్ధరించే తేదీ మీ అనారోగ్యంలో పడితే మీ సంతకం కావాలి, అమ్మకాలు పడిపోయిన నెలల లెక్కలు చూసి బ్యాంకు పరిమితిని తగ్గించనూ వచ్చు. వైద్య ఖర్చులు పూర్తిగా వేరు. వాటికి ఆరోగ్య బీమా ఉండాలి, అది చాలకపోతే ఇంటి పొదుపు. వ్యాపార నిధి నుంచి ఆసుపత్రి బిల్లు కట్టడం మొదలైతే ఈ లెక్కంతా మొదటి వారంలోనే తలకిందులవుతుంది. అనారోగ్య కాలంలో ఆదాయం ఇచ్చే బీమా తీసుకున్నా, చెల్లింపు మొదలయ్యే ముందు నిరీక్షణ కాలం ఎన్ని రోజులో పత్రంలో చూడండి, ఆ రోజులు గడిపేది నిధే.

అప్పు వాయిదా గురించి అడుగుతారని తెలుసు. వాయిదా తప్పిన తరువాత చెప్పేకన్నా, తప్పకముందే ఆసుపత్రి కాగితంతో వెళ్లి రెండు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వీలుందా అని అడగడం మేలు. ఒప్పుకుంటారన్న హామీ లేదు, అందుకే నా పట్టికలో వాయిదాను పూర్తిగానే ఉంచాను.

నిధి పోగు చేయడం మాత్రం నెమ్మదిగానే జరుగుతుంది. మేము వచ్చిన ప్రతి చెల్లింపులోంచి వందకు నాలుగు అదే రోజు పక్కకు తీశాము. నెలాఖరున మిగిలింది తీద్దామనుకుంటే ఏ నెలా మిగలదు. మొదటి లక్ష్యంగా 24 పెట్టుకున్నాము, అది ఆరు నెలల్లో చేరింది. ఆ తరువాత 30 దాకా, అంటే 24కు నాలుగో వంతు కలిపిన అంకె దాకా తెచ్చాము. ధరల ఏర్పాటు నిజంగా పనిచేస్తుందో లేదో రుజువయ్యే దాకా 78 వైపు పోగు చేస్తూనే ఉన్నాము.

ఆ రుజువు కోసం చేసిందే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఐదు పని దినాలు ప్రెస్సుకు వెళ్లలేదు, ఫోను ఎత్తలేదు. నిప్పు అంటుకుంటే తప్ప పిలవవద్దని చెప్పి, నన్ను అడగాలనిపించిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుపుస్తకంలో రాయమన్నాను. తిరిగి వచ్చేసరికి 23 ప్రశ్నలున్నాయి. 14 ధరల గురించే: పట్టికలో లేని కాగితం మందం, అర్జంటు పనికి ఎంత కలపాలి, పాత బాకీ ఉన్నవాడికి కొత్త పని ఒప్పుకోవాలా, ఇలా. ఐదు ఏ ఫైలు ఎక్కడుందన్నవి. మూడు ఎవరికి ఎప్పుడు చెల్లించాలన్నవి. మిగిలిన ఒకటి, సిరా సరఫరాదారు ఫోను నంబరు, అది నా సొంత ఫోనులో తప్ప ఎక్కడా లేదు. ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు రాసి పట్టికలో చేర్చాము. నాలుగు నెలల తరువాత పది రోజులు మళ్లీ అలాగే చేస్తే ప్రశ్నలు ఏడుకు తగ్గాయి.

మీకు నలుగురు పనివాళ్లున్నారు కాబట్టి ఐదు రోజుల పరీక్షతోనే మొదలుపెట్టండి, నిధి ఇంకా సున్నా అయినా ఫరవాలేదు. ఆ నోటుపుస్తకం చూశాక మీ పట్టికలో రెండో నెల అమ్మకాలు 50 రాయాలో 75 రాయాలో మీకే తెలుస్తుంది. మొదటి పరీక్షను జీతాల రోజు కలిసేలా పెట్టుకోండి, లేకపోతే డబ్బు చెల్లించే దారి పనిచేస్తుందో లేదో తేలదు.